బెజవాడ ఎండల్లో పీసీ: క్యాబినెట్, కూలర్, గ్రాఫిక్స్ కార్డు పొడవు గురించి సలహా కావాలి

సాగర్_బెజవాడ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. కొత్త పీసీ కోసం భాగాలు దాదాపు ఖరారు చేసుకున్నాను. ప్రాసెసర్ రైజన్ 7 7800ఎక్స్3డీ, గ్రాఫిక్స్ కార్డు మూడు ఫ్యాన్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. ఆ కార్డు పొడవు 329 మి.మీ. అని తయారీదారు పేజీలో ఉంది. క్యాబినెట్‌గా ముందు భాగంలో చెక్క పట్టీలుండే ఫ్రాక్టల్ నార్త్ నాకు బాగా నచ్చింది. పనిలో పనిగా 360 మి.మీ. లిక్విడ్ కూలర్ కూడా తీసుకుని ముందు వైపున బిగించమని మిత్రుడు చెప్పాడు.

మా ఇంట్లో పీసీ ఉండేది మేడ మీది గదిలో. అక్కడ ఏసీ లేదు. మే నెలలో గది లోపలే 40 డిగ్రీలు ఉంటుంది, దుమ్ము కూడా ఎక్కువే. నేను ఎక్కువగా ఆటలే ఆడతాను. ఈ కూర్పులో అన్నీ పడతాయా, లిక్విడ్ కూలర్‌కు పెట్టే డబ్బు నా అవసరానికి తగినదేనా అన్నవి నా రెండు ప్రశ్నలు.

కిరణ్_డల్లాస్

సాగర్ గారూ, నిశ్చింతగా తీసుకోండి. నార్త్‌లో గ్రాఫిక్స్ కార్డుకు 355 మి.మీ. వరకు చోటుందని తయారీదారే చెబుతున్నారు. మీ కార్డు 329 కాబట్టి ఇంకా 26 మి.మీ. మిగులుతుంది. మీది వేడి ప్రాంతం కనుక లిక్విడ్ కూలర్ తప్పనిసరి అని నా అభిప్రాయం. రేడియేటర్ ముందు వైపు ఉంటే బయటి చల్లగాలి నేరుగా దాని మీదికే వస్తుంది కాబట్టి ప్రాసెసర్‌కు అంతకంటే మంచి స్థానం లేదు. నేను రెండేళ్లుగా అలాగే వాడుతున్నాను, ఆటల్లో ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటదు.

గాలిగోపురం

కిరణ్ గారు చెప్పినదాంట్లో చివరి భాగం నిజమే. ముందు వైపున్న రేడియేటర్‌కు అందేది అన్నిటికంటే చల్లని గాలి. అయితే ఆ 355 మి.మీ. అంకెను ఎలా చదవాలో ఒకసారి చూడాలి. నార్త్ విషయంలో అది ముందు ఫ్యాన్లు బిగించి ఉన్నప్పుడు మిగిలే చోటు. అంటే ఫ్యాన్ మందం 25 మి.మీ. అందులో ముందే తీసేశారు, రేడియేటర్ మందాన్ని మాత్రం తీయలేదు. మామూలు రేడియేటర్ 27 మి.మీ. ఉంటుంది. 355లోంచి 27 తీస్తే 328. సాగర్ గారి కార్డు 329.

ఒక్క మి.మీ. కోసం పట్టుబట్టడమెందుకని అనిపించవచ్చు. కానీ ఆ ఒక్క మి.మీ. ఉన్నా కార్డు కూర్చోదు. పైగా సాగర్ గారి మిత్రుడు ఏ కూలర్ చెప్పారో తెలియదు. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటిదైతే రేడియేటరే 38 మి.మీ. మందం కాబట్టి మిగిలేది 317 మాత్రమే. నార్త్ పైకప్పులో 240 మి.మీ. వరకే పడుతుంది. కనుక ఈ క్యాబినెట్, ఈ కార్డు రెండూ ఖాయమైతే 360 మి.మీ. రేడియేటర్‌కు చోటు లేనట్టే.

అన్ని కంపెనీలూ ఈ కొలతను ఒకే రకంగా ఇవ్వవు. కొందరు ఫ్యాన్లు లేకుండా కొలిచిన అంకె ఇస్తారు. అలాంటి చోట 25 మి.మీ. మనమే తీసేయాలి. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవకుండా కార్డు కొనవద్దు.

పాతసామాను

పీసీ వేడెక్కుతోందని ఇంత చర్చ అక్కరలేదనుకుంటాను. మా పాత క్యాబినెట్‌కు ముందంతా అద్దమే, గాలి వచ్చే దారి పక్కన సన్నని సందు ఒక్కటే. వేసవిలో ఆట మొదలుపెట్టిన కాసేపటికే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరెత్తేవి. పక్క తలుపు తీసేసి గోడవైపు తిప్పి పెట్టాను, శబ్దం సగానికి తగ్గింది. సాగర్ గారు కూడా తలుపు తీసి చూడండి, కొత్తది కొనవలసిన పని ఉండదు.

సాగర్_బెజవాడ

పాతసామాను గారూ, నా దగ్గర ఇప్పుడు వేడెక్కే పీసీ ఏదీ లేదండీ. ఇంకా కొనబోతున్నాను.

గాలిగోపురం

ప్రశ్న వేరైనా పాతసామాను గారు చెప్పినది పనికొచ్చే పరీక్షే. ఆట నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డు వేడి నిలకడకు వచ్చాక పక్క తలుపు తీయండి. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే క్యాబినెట్ తన పని తాను చేస్తున్నట్టు. అయిదారు డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గితే లోపలికి గాలి చాలడం లేదన్నమాట, అప్పుడు కూలర్ మార్చినా ప్రయోజనం ఉండదు. ఆయన పాత క్యాబినెట్ సంగతి అదే. ముందు అద్దం ఉన్న క్యాబినెట్‌లో ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అవి పీల్చేది ఆ సందులోంచే.

ఇక సాగర్ గారి రెండో ప్రశ్న. లిక్విడ్ కూలర్ కావాలా వద్దా అన్నది గది వేడిని బట్టి తేలేది కాదు, ప్రాసెసర్ ఎంత వేడి పుట్టిస్తుందన్న దాన్ని బట్టి తేలుతుంది. 7800ఎక్స్3డీ ఆటల్లో సాధారణంగా 50 నుంచి 80 వాట్ల మధ్యే తీసుకుంటుంది. అదే సమయంలో 5070 టీఐ 300 వాట్ల దాకా తీసుకుంటుంది. పెట్టెలో వేడి పుట్టించేది ముఖ్యంగా కార్డే అయినప్పుడు, డబ్బు, ముందువైపు చోటు రెండూ ప్రాసెసర్‌కు ధారపోయడం నాకు సబబుగా తోచదు.

ఇంకొక సంగతి. 7800ఎక్స్3డీలో అదనపు క్యాష్ చిప్పును కోర్ల మీద పేర్చారు. కోర్లలో పుట్టిన వేడి ఆ పొరను దాటుకుని పైకి రావాలి. అందుకే ఈ ప్రాసెసర్ వాట్లు తక్కువైనా డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, ఎంత పెద్ద కూలర్ పెట్టినా తేడా కొద్దిగానే కనిపిస్తుంది. తర్వాత వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు, అక్కడ పెద్ద కూలర్‌కు కొంత విలువ ఉంది. మీ 7800ఎక్స్3డీకి థర్మల్‌రైట్ ఫాంటమ్ స్పిరిట్ 120 ఎస్ఈ లాంటి జంట టవర్ల ఎయిర్ కూలర్ చాలు. దాని ఎత్తు 154 మి.మీ., నార్త్‌లో 170 వరకు పడుతుంది.

లక్ష్మి_రెండరింగ్

ఎయిర్ కూలర్ చాలన్న మాటను అందరికీ వర్తింపజేయవద్దని మనవి. నేను ఇళ్ల నమూనాలకు రెండరింగ్ చేస్తాను. నా ప్రాసెసర్ రైజన్ 9 7950ఎక్స్, రెండరింగ్ మొదలైతే గంటల తరబడి 230 వాట్ల దగ్గరే ఉంటుంది. జంట టవర్ల కూలర్‌తో అది వెంటనే 95 డిగ్రీలకు చేరి అక్కడే ఆగేది, వేగం తగ్గేది, శబ్దం భరించలేకపోయేదాన్ని. లియన్ లీ లాన్‌కూల్ 216లోకి మారి పైకప్పుకు 360 మి.మీ. రేడియేటర్ బిగించాక పని వేగం నిలకడగా ఉంటోంది. రేడియేటర్ పైన ఉండడం వల్ల కార్డు పొడవుకు ఏ ఆటంకమూ లేదు, ఆ క్యాబినెట్‌లో కార్డుకు 392 మి.మీ. చోటుంది.

లిక్విడ్ కూలర్ పరీక్షించేవారికి ఒక మాట. మొదటి పది నిమిషాల అంకెలు చూసి మురిసిపోవద్దు. లోపలి నీరు మెల్లగా వేడెక్కుతుంది, నిలకడకు రావడానికి అరగంట వరకు పట్టవచ్చు. చాలామంది పెట్టే పోలికలు ఆలోగానే ముగిసిపోతాయి.

కిరణ్_డల్లాస్

లక్ష్మి గారి అనుభవం నా మాటనే బలపరుస్తోంది కదా. ఒకవేళ సాగర్ గారు లాన్‌కూల్ లాంటిది తీసుకుని ముందు రేడియేటర్ పెడితే పొడవు సమస్య కూడా తీరిపోతుంది. పైకప్పున పెడితే గ్రాఫిక్స్ కార్డు వదిలిన వేడిగాలే రేడియేటర్‌లోంచి పోవాలి. అది ప్రాసెసర్‌కు నష్టం.

గాలిగోపురం

లక్ష్మి గారిది 230 వాట్ల ప్రాసెసర్, సాగర్ గారిది అందులో మూడో వంతు. రెండింటికీ ఒకే తీర్పు చెప్పలేము. లక్ష్మి గారి ఎంపిక ఆమె పనికి సరైనదే.

ముందా, పైనా అన్నదానికి చిన్న లెక్క వేద్దాం. ఆట ఆడేటప్పుడు కార్డు 300, ప్రాసెసర్ 70, మదర్‌బోర్డూ మిగతావీ కలిపి 50 అనుకుంటే పెట్టెలో మొత్తం 420 వాట్ల వేడి. ఆ వేడినంతా మోసుకుపోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు దాదాపు 35 లీటర్ల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. సుమారు 45 లీటర్ల పెట్టెలో ఇది చిన్న సంగతి కాదు. మంచి 140 మి.మీ. ఫ్యాన్ అట్ట మీద ఒక్కదానికే ఆ అంకె రాసి ఉంటుంది, కానీ అది ఎదురు ఏమీ లేనప్పటి కొలత. జాలీ, వడపోత, లోపలి వైర్లు అడ్డుగా ఉంటే సగానికి పడిపోవడం మామూలే. అందుకే ముందు రెండు ఫ్యాన్లు కావాలి, అవి కాస్త వేగంగానూ తిరగాలి.

ఇప్పుడు ముందు రేడియేటర్ పెట్టారనుకోండి. ప్రాసెసర్ ఇచ్చే 70 వాట్లు ఆ 35 లీటర్ల గాలిని రెండు డిగ్రీలు కూడా వేడెక్కించవు. కాబట్టి కార్డుకు వేడిగాలి వెళ్తుందని చాలామంది పడే భయం అంత పెద్దది కాదు. అసలు నష్టం వేరే చోట ఉంది. రేడియేటర్ రెక్కల మధ్య దూరి రావడానికి గాలికి ఎదురు పెరుగుతుంది, 35 లీటర్లు 25కో అంతకు తక్కువకో పడిపోతాయి. అప్పుడు పెట్టె మొత్తం వేడెక్కుతుంది.

పైకప్పున పెడితే కార్డు వేడి రేడియేటర్‌లోంచి పోతుందన్నది నిజమే. అయినా 70 వాట్ల ప్రాసెసర్‌కు ఆ నాలుగైదు డిగ్రీలు లెక్కలోకి రావు, దాని హద్దు 89 డిగ్రీలు. కిరణ్ గారి గదిలో బహుశా ఏసీ నడుస్తూ 23, 24 డిగ్రీలు ఉండవచ్చు. సాగర్ గారి గదిలో ఆటకు ముందే 40. ఏ కూలరూ గది గాలి కంటే చల్లబరచలేదు కనుక, ఆ 16 డిగ్రీల తేడా కిరణ్ గారి 60 మీద కలిపితే 76 అవుతుంది. అది కూలర్ తప్పు కాదు.

కిరణ్_డల్లాస్

ఇక్కడ ఏసీ నడుస్తున్న మాట వాస్తవమే. ఆ కోణంలో నేను చూడలేదు. అయినా ముందు రేడియేటర్ పెట్టినా మా కార్డు 70 దాటలేదని మాత్రం గమనించమంటాను.

అసెంబ్లీ_సికింద్రాబాద్

నేను సీటీసీ ప్రాంతంలో పీసీలు కూర్చే పని చేస్తాను. లెక్కలు పెద్దలు చెప్పారు కాబట్టి చేతి పనిలో ఎదురయ్యేవి చెబుతాను.

కార్డు 329, చోటు 330 ఉన్నా అది చోటు కాదు. కార్డును స్లాటులోకి తిన్నగా పైనుంచి దింపలేము, వెనక పట్టీ పెదవి మదర్‌బోర్డు అంచుకూ పెట్టె గోడకూ మధ్య సందులోకి దూరేలా కొంచెం ఏటవాలుగా తెచ్చి కూర్చోబెట్టాలి. దానికి కనీసం 10 మి.మీ. ఖాళీ కావాలి. ఒక కస్టమర్ వేరే చోట కూర్పించుకున్న పీసీ మా దగ్గరికి తెచ్చారు. ముందు రేడియేటర్ తగులుతోందని ఆ ఫ్యాన్లను ఒక మూల స్క్రూలు లేకుండా వంకరగా బిగించి కార్డు దూర్చారు. ఫ్యాన్ వణుకుకు ఆ రేడియేటర్ అంచు కార్డు ప్లాస్టిక్ తొడుగును అరగదీసింది. నీటి గొట్టానికి తగిలి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

అందరూ మరిచిపోయేది కార్డు పొడవు కాదు, వెడల్పు. ఇప్పటి పెద్ద కార్డులు 140 మి.మీ. వరకు అద్దం వైపుకు పొడుచుకు వస్తాయి. వాటి పవర్ కనెక్టర్ పక్క నుంచే బయటికి వస్తుంది. పదహారు పిన్నుల కొత్త కనెక్టర్ వైరును మొదలు దగ్గరే వంచకూడదు, 35 మి.మీ. వరకు తిన్నగా పోనివ్వాలి. 140కి 35 కలిపితే 175. అద్దం మూసినప్పుడు వైరును అద్దమే నొక్కి వంచుతుంటే కనెక్టర్ కొద్దిగా బయటికి జరిగి వేడెక్కే ప్రమాదముంది. బిగించాక క్లిక్‌మని వినిపించిందా, అంచు దగ్గర సందు కనిపిస్తోందా అని టార్చి వేసి చూడండి.

ఎయిర్ కూలర్ తీసుకుంటే ర్యామ్ ఎత్తు కూడా చూసుకోవాలి. రంగు దీపాల ర్యామ్ 44 మి.మీ. ఎత్తున్నవి ఉన్నాయి. ముందు ఫ్యాన్ ర్యామ్ మీదికి వస్తే దాన్ని పైకి జరపాలి, అంతమేర కూలర్ ఎత్తు కూడా పెరుగుతుంది. నార్త్‌లో 16 మి.మీ. వెసులుబాటు ఉంది కాబట్టి సాధారణంగా సరిపోతుంది. నార్త్‌లో అద్దం కాకుండా జాలీ తలుపు రకం తీసుకుని పక్క ఫ్యాన్ల చట్రం కూడా ఉంచుకుంటే మాత్రం కూలర్‌కు 145 మి.మీ. చోటే మిగులుతుంది, 154 పట్టదు. ఆ చట్రం తీసేయండి.

సాగర్_బెజవాడ

చాలా ఉపయోగపడే వివరాలు. లిక్విడ్ కూలర్ ఆలోచన మానుకున్నాను. లాన్‌కూల్ 216లో ముందు 160 మి.మీ. ఫ్యాన్లు రెండు, వెనక 140 మి.మీ. ఫ్యాన్ ఒకటి దానితోనే వస్తాయని చూశాను. నార్త్‌లో ముందు రెండే వస్తాయి, వెనకది మనం కొనాలి. అయినా ఇంట్లో అందరికీ చెక్క పట్టీలే నచ్చాయి. దుమ్ము సంగతీ, పైకప్పు ఫ్యాన్ల సంగతీ ఎవరైనా చెప్పగలరా?

గాలిగోపురం

కేవలం గాలి ప్రకారం ఎంచుకోమంటే లాన్‌కూల్ ఒక మెట్టు పైన ఉంటుంది. రోజూ కళ్లెదుట ఉండే వస్తువు కాబట్టి నార్త్ తీసుకున్నా తప్పు పట్టను, రెండూ ముందు జాలీ ఉన్నవే. వెనక ఒక 120 మి.మీ. ఫ్యాన్ కొని బయటికి ఊదేలా బిగించండి. లోపలికి వచ్చే గాలి బయటికి తోసేదానికంటే కొంచెం ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము పీల్చుకోవడం తగ్గుతుంది. అప్పుడు దుమ్మంతా ముందు జాలీ మీదే చేరుతుంది. రెండు మూడు వారాలకోసారి మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. మూసుకుపోయిన జాలీ ఎంత మంచి క్యాబినెట్‌నైనా అద్దాల పెట్టెగా మార్చేస్తుంది.

ఫ్యాన్ వేగం విషయంలో ఒక చిక్కు ఉంది. మదర్‌బోర్డు అలవాటుగా క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడిని చూసి తిప్పుతుంది. మీ పీసీలో ప్రాసెసర్ తీరికగా ఉండి కార్డు 300 వాట్లు మండిస్తున్న వేళ కూడా ఫ్యాన్లు నెమ్మదిగానే తిరుగుతాయి. FanControl అనే ఉచిత ప్రోగ్రాంలో ముందు ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు వేడికి ముడిపెట్టండి. కార్డు 50 డిగ్రీలున్నప్పుడు సగం వేగం, 70 దగ్గర ఎనభై శాతం అనుకుంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది.

పైకప్పులో ముందు వైపు చోటును ఖాళీగా వదిలేయడమే నా సలహా. అక్కడ బయటికి ఊదే ఫ్యాన్ పెడితే ముందు నుంచి వచ్చిన చల్లగాలిని కూలర్ దాకా చేరకముందే పైకి లాగేస్తుంది.

అసెంబ్లీ_సికింద్రాబాద్

దీంతో మాత్రం నేను ఏకీభవించను. ఏసీ లేని గదుల్లో పైన ఒక్క ఫ్యాన్ అయినా ఉండాలని నా అనుభవం. పెట్టె పై మూలల్లో వేడి నిలబడిపోతుంది, చెయ్యి పెడితేనే తెలుస్తుంది. వెనక చివర ఒకటి పెట్టండి, ముందు చివర వద్దు. అంతవరకు గాలిగోపురం గారి మాట సరే.

పాతసామాను

ఎన్ని ఫ్యాన్లు పెట్టినా పీసీని బల్ల కింద గోడకు ఆనించి పెడితే వెనక నుంచి వచ్చిన వేడిగాలే ముందు జాలీలోకి తిరిగి వస్తుంది. బల్ల కింద మూలలో పెట్టవద్దని సాగర్ గారికి చెప్పండి.

సాగర్_బెజవాడ

పీసీ సిద్ధమైంది. నార్త్, ఫాంటమ్ స్పిరిట్, ముందు రెండు 140 మి.మీ., వెనక ఒక 120 మి.మీ. ఫ్యాన్. కార్డుకు ముందు ఫ్యాన్ల దగ్గర వేలు పట్టేంత ఖాళీ ఉంది. గది 36 డిగ్రీలున్న సాయంత్రం అరగంట ఆట తర్వాత HWiNFOలో కార్డు 74, ప్రాసెసర్ 71 చూపించాయి. పక్క అద్దం తీస్తే కార్డు 72కు దిగింది. ఫ్యాన్లను ప్రాసెసర్‌కే వదిలేసినప్పుడు ఇదే ఆటలో కార్డు 79 దాకా వెళ్లింది.

పైన వెనక చివర ఒక పాత 120 మి.మీ. ఫ్యాన్ కూడా బిగించి చూశాను. ప్రాసెసర్ రెండు డిగ్రీలు తగ్గింది, కార్డులో మార్పు లేదు, శబ్దం మాత్రం కొద్దిగా పెరిగింది.

అసెంబ్లీ_సికింద్రాబాద్

రెండు డిగ్రీలు తగ్గాయి కదా. మే నెలలో గది 40 దాటినప్పుడు మళ్లీ కొలవండి, అప్పుడు ఆ ఫ్యాన్ తీయబుద్ధి కాదు.

గాలిగోపురం

హద్దుకు 18 డిగ్రీల దూరంలో ఉన్న ప్రాసెసర్‌కు ఆ రెండు డిగ్రీలు దేనికో నాకు అర్థం కాదు. నేనైతే తీసేసి, ఆ స్థానాన్ని పలుచని జాలీతో మూసి, ముందు ఫ్యాన్ల వేగం మరో అయిదు శాతం పెంచుతాను. మేలో రెండు రకాలుగానూ కొలిచి ఇక్కడే అంకెలు పెట్టండి. కొలిచేటప్పుడు గది వేడి తప్పక రాయండి, అది లేకుండా పోల్చలేము.